పగిలింది దాచొద్దు, పంచింది మరువొద్దు

కిరాణా సూపర్‌మార్కెట్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం బిల్లు కొట్టడం, షెల్ఫు సర్దడం, రేటు చీటీ అతికించడం నేర్పుతారు. పగిలిన సీసాను, ఉచితంగా పంచిన ప్యాకెట్టును పుస్తకంలో ఎక్కించడం మాత్రం చాలాచోట్ల ఎవరూ నేర్పరు. దానివల్ల ఎక్కువగా నష్టపోయేది షాపు యజమాని కాదు, ఆ షెల్ఫు చూసుకునే మనిషి. ఉత్తర తెలంగాణ షాపుల్లో స్టోర్ సూపర్‌వైజర్‌గా కొత్తవాళ్లకు నేను మొదటి రోజే చెప్పే మాటలు ఈ అధ్యాయంలో ఉన్నాయి. అక్కడ ఎట్లా మాట్లాడతానో ఇక్కడా అట్లనే రాశాను. ఇందులోని లెక్కలు పద్ధతి తెలియడానికి వేసిన ఉదాహరణలు. మీ షాపులోని సరుకు పేర్లు, ధరలు పెట్టుకొని అవే లెక్కలు వేసి చూడండి.

సరుకు బయటికి పోయే దారులు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, జర ఇటు వినుండ్రి. మన షాపులకు సరుకు వచ్చే దారి ఒక్కటే. ఇన్వాయిస్ మీద వస్తది, లెక్కపెట్టి దించుకుంటం, కంప్యూటర్ల ఎక్కిస్తం. బయటికి పోయే దారులు మాత్రం ఐదున్నయి. బిల్లు మీద కస్టమర్ చేతికి పోతది. డేట్ అయిపోయి డిస్ట్రిబ్యూటర్‌కు వాపస్ పోతది. పగిలో, కారో, ఎలుక కొరికో చెత్తల పోతది. శాంపిలని, రుచి చూడుమని పంచితే పోతది. దొంగతనంగ పోతది.

ఈ ఐదింట్ల మొదటిది కంప్యూటరే రాసుకుంటది. బిల్లు పడంగనే స్టాకు తగ్గిపోతది. వాపస్ పోయినదానికి కాయితం ఉంటది. దొంగతనాన్ని రాసేటోడు ఎవ్వడు లేడు. ఇగ మిగిలినయి రెండు, పగిలింది, పంచింది. ఈ రెండు మనిషి చేత్తో రాస్తేనే లెక్కల ఉంటయి. రాయకపోతే ఏడికి పోతయి? సక్కగ పోయి దొంగతనం లెక్కల కలుస్తయి. నెలాఖరుకు స్టాకు లెక్కపెట్టినప్పుడు కంప్యూటర్ “ఇన్ని తక్కువ ఉన్నయి” అంటది గని, ఎందుకు తక్కువ ఉన్నయో చెప్పదు. ఆ షెల్ఫు ఎవరిదని సారు అడుగుతడు. మీ పేరు వస్తది.

పగిలిన సీసాకు ఒక కారణం ఉంటది, ఒక టైం ఉంటది, చూసినోళ్లు ఉంటరు. రాయని సీసాకు అవేవీ ఉండయి, అనుమానం ఒక్కటే ఉంటది. డ్యామేజ్ బుక్కు మిమ్ముల పట్టుకునేటందుకు పెట్టింది కాదు. మీ తరఫున మాట్లాడే సాక్షి అది.

ఒక నూనె ప్యాకెట్ లెక్క

ఒక లెక్క చేసి చూద్దాం. లీటరు నూనె ప్యాకెట్లు, ఒకటే కంపెనీవి, ఒకటే రకం. నెల మొదట్ల మన కాడ 60 ఉన్నయి. నెల నడుమ హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద లారీల 10 కార్టన్లు వచ్చినయి. కార్టన్‌కు 12 లెక్కన 120. మొత్తం 180. నెలాఖరు దాక బిల్లుల మీద 131 పోయినయి. అంటే 49 ఉండాలె. లెక్కపెడితే 42 ఉన్నయి. ఏడు తక్కువ.

ఒక్కో ప్యాకెట్ మనకు పన్ను కాకుండ 140 రూపాయలకు పడ్డదనుకోండ్రి. ఏడింటికి 980 రూపాయలు. బుక్కుల ఏమీ రాసి లేకపోతే ఇగ చెప్పేటందుకు ఏముండది. 980 రూపాయల సరుకు పోయింది, ఎట్ల పోయిందో తెల్వదు. అందరి ముఖాలు అందరు చూసుకుంటరు.

బుక్కు రాసి ఉంటే ఎట్లుంటదో చూడుండ్రి. లారీ దించిన రోజు ఎంట్రీ ఒకటి కనిపిస్తది. “అడుగు కార్టన్ నలిగింది, 4 ప్యాకెట్లు కారినయి, లారీల ఉండంగనే చూసినం.” వారం తర్వాత ఇంకొకటి. “కార్టన్ కోసేటప్పుడు కట్టర్ తగిలి 1 ప్యాకెట్ తెగింది.” ఐదింటికి జవాబు దొరికింది. ఇంక రెండు కావాలె.

ఆ రెండింటికి దొంగను దేవులాడకముందు పక్క షెల్ఫు చూడాలె. అదే కంపెనీది ఇంకో రకం నూనె ఉంటది, ప్యాకెట్ సైజు ఒకటే, రంగు సుత దగ్గరదగ్గర ఉంటది. దాన్ని లెక్కపెడితే కంప్యూటర్ చెప్పినదానికంటే రెండు ఎక్కువ ఉన్నయి. అంటే కౌంటర్ కాడ ఏమైందంటే, కస్టమర్ చెరొక రకం ఏరుకొచ్చిండు, బిల్లు కొట్టేటోళ్లు ఒక దాన్ని స్కాన్ చేసి “రెండు” అని కొట్టిండ్రు. ఇట్ల రెండు సార్లైంది. బిల్లు పడ్డ రకం కంప్యూటర్ల ఎక్కువ తగ్గింది, అది మన షెల్ఫుల ఎక్కువ మిగిలింది. బిల్లు పడని రకం షెల్ఫుల తక్కువైంది. ఒక దాంట్ల తక్కువ, పక్కదాంట్ల అంతే ఎక్కువ వస్తే అది చేతివాటం కాదు, స్కాన్ తప్పు.

ఇట్ల ఏడింటికి ఏడు దొరికినయి. నాలుగింటి పైసలు డిస్ట్రిబ్యూటర్ ఇయ్యాలె. రెండు పోనేలేదు, పేరు మారినయి. నిజంగ మన షాపుకు పడ్డ దెబ్బ ఒక్క ప్యాకెట్, 140 రూపాయలు, దాని మీది పన్ను. 980 ఎక్కడ, 140 ఎక్కడ? ఈ తేడాను తెచ్చింది బుక్కుల ఉన్న రెండు వాక్యాలు. ఆ రెండు ఎంట్రీలు లేకపోతే పక్క షెల్ఫు చూద్దామన్న ఆలోచన సుత రాదు. ఏడు పోయినయంటే మనిషి మనసు దొంగ మీదికే పోతది. రెండే పోయినయంటే కారణం దేవులాడుతది.

లారీ కాడ, సంతకం ముందు

ఆ నాలుగు ప్యాకెట్ల పైసలు ఎట్ల వస్తయో చెప్తా. లారీ వచ్చినప్పుడు హమాలీ తొందరపెడ్తడు, డ్రైవర్ ఇంకో ఊరికి పోవాలంటడు. కరీంనగర్‌ల దించి మంచిర్యాలకు పోయే బండి ఉంటది. ఆదిలాబాద్‌కైతే 44వ నంబర్ జాతీయ రహదారి మీద 300 కిలోమీటర్ల లెక్క వచ్చి ఉంటది. అన్ని గంటలు కుదుపుకు అడుగు వరుస కార్టన్ల మీదనే బరువంత పడతది. అందుకే పై కార్టన్ చూసి “మంచిగున్నది” అనొద్దు. అడుగు వరుస చూడుండ్రి. కార్టన్ మూలలు పట్టి చూడుండ్రి, తడి ఉన్నదా, జిడ్డున్నదా, లోపట గలగల చప్పుడైతుందా చూడుండ్రి. అనుమానం ఉంటే డ్రైవర్ ముందటనే ఇప్పుండ్రి.

దెబ్బతిన్నయి కనబడితే డ్రైవర్ తీసుకపోయే కాపీ మీద, మన కాపీ మీద, రెండింటి మీద రాయాలె. ఏ సరుకు, ఎన్ని, ఎట్లున్నయి. “సరుకు బాగలేదు” అని రాస్తే ఎవ్వడు పైసలియ్యడు. “లీటరు నూనె, 4 ప్యాకెట్లు, కారినయి, కార్టన్ అడుగు తడి” అని రాస్తే ఇస్తడు. డ్రైవర్ సంతకం తీసుకోండ్రి, కార్టన్ మీది బ్యాచ్ నంబర్ కనబడేటట్టు ఫోన్ల ఫోటో తీయుండ్రి. తర్వాతనే మీ సంతకం. ఖాళీ సంతకం పెట్టి గోదాంల పోయి చూసుకుంటే, లారీల కారిందా మన గోదాంల కారిందా అని డిస్ట్రిబ్యూటర్ అడుగుతడు. అప్పుడు మన కాడ జవాబుండదు.

రాసి ఉంటే డిస్ట్రిబ్యూటర్ ఆ నాలుగింటికి క్రెడిట్ నోట్ ఇస్తడు. అంటే వాళ్లకు మనం ఇయ్యాల్సిన పైసల్ల ఆ మేరకు తగ్గిస్తడు. కారిన ప్యాకెట్లను ఆయన మనిషి వచ్చి చూసేదాక పడేయొద్దు, బకెట్ల పెట్టి పక్కకుంచుండ్రి.

బుక్కుల ఉన్నది, షెల్ఫుల లేదు

రాయకపోతే ఇంకో నష్టం జరుగుతది. ఇది చానమందికి ఎరుకనే ఉండది.

తేనె సీసాలు తీసుకోండ్రి. తొందరగ పోయే సరుకు కాదు. స్టాకు రెండుకు తగ్గితే కొత్త ఆర్డర్ పెట్టుమని కంప్యూటర్ల సెట్ చేసినం. ఇప్పుడు మూడున్నయి. ఒకనాడు తుడుస్తుంటే ట్రే జారి మూడు పగిలినయి. అక్కడున్నోళ్లు భయపడి ఊడ్చేసి ఊకున్నరు. షెల్ఫుల సున్నా, కంప్యూటర్ల మూడు.

కంప్యూటర్ ఆర్డర్ పెట్టుమంటదా? అనదు. దాని లెక్కల ఇంకా మూడున్నయి కద. రేపు అనదు, వచ్చే నెల అనదు. లేని సీసా అమ్ముడుపోదు కాబట్టి ఆ మూడు ఎప్పటికీ రెండు కావు. తేనె కోసం వచ్చినోళ్లు లేదని వాపస్ పోతరు. రెండు నెలలైనంక సారు రిపోర్టు చూస్తడు. “తేనె స్టాకు మూడు, అమ్మకం సున్నా. ఈ సరుకు మన కాడ పోతలేదు, లిస్టుల నుంచి తీసేయుండ్రి” అంటడు. సరుకు అడిగేటోళ్లు ఉన్నా, మన బుక్కు అబద్ధం చెప్పింది కాబట్టి ఆ సరుకు షాపులకెళ్లి మాయమైతది. పగిలింది మూడు సీసాలే. పోయింది ఆ తర్వాత అమ్ముడుపోవాల్సిన సీసాలన్నీ.

అందుకే ఒక గుర్తు చెప్తున్న. కంప్యూటర్ల స్టాకున్నది, మొన్నటిదాక పోయిన సరుకు, హఠాత్తుగ అమ్మకం సున్నా అయిందంటే, ఆ షెల్ఫు కాడికి పోయి కండ్లతోని చూడుండ్రి. పది సార్లల్ల ఎక్కువ సార్లు అక్కడ ఖాళీ కనబడతది, లేకపోతే సరుకు తప్పు జాగల ఉంటది.

డ్యామేజ్ బుక్కు ఎట్ల రాయాలె

మొదలు మనిషి భద్రం. గాజు పగిలితే కస్టమర్లను పక్కకు పంపుండ్రి, ఉత్త చేతులతోని ముట్టొద్దు, ఊడ్చి మందం డబ్బల వేయుండ్రి. నూనె కారితే రంపపు పొట్టు గాని ఇసుక గాని చల్లి ఎత్తుండ్రి, నీళ్లు పోయొద్దు, జారుతది. నేల శుభ్రమైనంక, ఇంకో పని ముట్టకముందు బుక్కు తీయుండ్రి. మాపటికి రాద్దామనుకుంటే మాపటికి అంకె మరుస్తం. రేపు రాద్దామనుకుంటే అసలుకే మరుస్తం.

రాసేటప్పుడు ఇవి ఉండాలె. తారీఖు, టైం. సరుకు పేరు, దాని సైజు, ఎందుకంటే “షాంపూ 2” అంటే రెండు రూపాయల సాషెట్టా, పెద్ద సీసానా తెల్వదు. బ్యాచ్ నంబర్. ఎన్ని. ఎక్కడ, ఎట్ల. చూసినోళ్ల పేరు. చివరికి ఏం చేసినం, వాపస్ పెట్టినమా, పడేసినమా. పక్కకు రెండో మనిషి సంతకం.

“ఎట్ల” అన్న కాడ జర ఎక్కువ ఆలోచించుండ్రి. అందరు “పగిలింది” అని రాస్తరు. అది కారణం కాదు, అయిన పని. కారణాలు కొన్నే ఉంటయి, వాటిల ఒకటి రాయాలె. లారీల, దించేటప్పుడు, కట్టర్ తగిలి, షెల్ఫుల నుంచి పడి, కస్టమర్ చేతిల నుంచి జారి, ఎలుక, ఎండ, తేమ, డేట్. ఎండకాలం కరీంనగర్, రామగుండం దిక్కు ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులుంటయి. అప్పుడు కిటికీ పక్క షెల్ఫుల చాక్లెట్ కరుగుతది. వానకాలం ఆదిలాబాద్‌ల గోడకు ఆనిచ్చిన పిండి ప్యాకెట్లకు తేమ పడతది. “చాక్లెట్ 6, పాడైనయి” అని రాస్తే నెలాఖరుకు ఎవ్వరికి పనికిరాదు. “చాక్లెట్ 6, ఎండ, కిటికీ షెల్ఫు” అని మూడు సార్లు రాసి ఉంటే, ఆ షెల్ఫు మార్చాలెనని సారుకు మీరు చెప్పనవసరమే లేదు, బుక్కే చెప్తది. “కట్టర్ తగిలి” అని మళ్ల మళ్ల వస్తే కట్టర్ బ్లేడు మరీ బయటికి తీస్తున్నమని అర్థం. టేపు తెగేటంత లోతు చాలు.

పగిలినదాని గుర్తు ఒకటి ఉంచుండ్రి. మూత, లేబుల్, ఖాళీ కవర్, బార్‌కోడ్ ఉన్న ముక్క. గాజు ముక్కలు మాత్రం దాచొద్దు, వాటికి ఫోటో చాలు. మాపటికి ఎంట్రీలను, గుర్తులను సరిచూసి కంప్యూటర్ల స్టాకు తగ్గిస్తం. ఆ తర్వాతనే చెత్తల వేస్తం.

కస్టమర్ చేతిల పగిలితే మీరు పైసలు అడగొద్దు, గొడవ పెట్టుకోవద్దు. నన్ను పిలువుండ్రి. మీ పని రాసుడు.

ఫ్రీ అంటే మూడు తీర్లు

ఇగ ఫ్రీ సంగతి. ఫ్రీ అనంగనే లెక్క అవసరం లేదనుకుంటరు. మన కాడ ఫ్రీ మూడు తీర్లుంటది, మూడింటికి మూడు లెక్కలు.

మొదటిది, కంపెనీ పంచుమని పంపిన శాంపిళ్లు. కొత్త షాంపూ సాషెట్లు, చాయ్‌పత్తి చిన్న పొట్లాలు. వాటి మీద అమ్మకానికి కాదని రాసి ఉంటది. ఇవి మన అమ్మే స్టాకుల ఎక్కొద్దు, వాటికి వేరే బుక్కు. 500 వచ్చినయి, బతుకమ్మ పండుగ ముందట శనివారం 180 పంచినం, ఆదివారం 210 పంచినం, 110 ఉన్నయి. రోజు మాపటికి మిగిలినయి లెక్కపెట్టి రాస్తే చాలు. ఒక్కొక్క కస్టమర్ పేరు రాయనవసరం లేదు. కంపెనీ మనిషి వచ్చి “ఎన్ని పంచిండ్రు” అని అడిగితే చెప్పగలగాలె. లెక్క చెప్పే షాపుకే రేపు మళ్ల శాంపిళ్లు ఇస్తడు. ఇవి ఇంటికి తీసుకపోవొద్దు, తెలిసినోళ్లకని పక్కకు పెట్టొద్దు, రేటు చీటీ వేసి అమ్మొద్దు.

రెండోది, మనం అమ్మే సరుకులకెళ్లి ఇప్పి పంచుడు. కొత్త రకం కారప్పూస వచ్చింది, రుచి చూపిస్తే పోతదని ఒక ప్యాకెట్ ఇప్పి ప్లేట్ల పెట్టినం. ఇది మనం పైసలు పెట్టి కొన్న ప్యాకెట్. ఇప్పిన నిమిషమే బుక్కుల ఎక్కాలె, “రుచికి, 1” అని. ఎక్కువసార్లు తప్పిపోయేది ఇదే. పగిలితే చప్పుడైతది కాబట్టి పది మందికి తెలుస్తది. ఇప్పిన ప్యాకెట్ చప్పుడు చేయది.

మూడోది, “ఒకటి కొంటే ఒకటి ఫ్రీ”. ఇది శాంపిల్ కానే కాదు. కస్టమర్ పైసలిచ్చి రెండు సరుకులు ఒక్క ధరకు కొంటుండు. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2019 మార్చి 7న ఇచ్చిన 92వ నంబర్ జీఎస్టీ సర్క్యులర్ల ఇదే చెప్పింది. కాబట్టి ఫ్రీగ ఇచ్చే సబ్బు సుత బిల్లుల స్కాన్ కావాలె, దాని ధర సున్నా పడ్డా సరే. స్కాన్ చేయకుండ సంచిల వేస్తే కంప్యూటర్ల ఆ సబ్బు ఇంకా ఉన్నట్టే ఉంటది. వంద మందికి ఇస్తే వంద సబ్బులు తక్కువ పడతయి. ఆ వంద సబ్బులు ఏమైనయని మిమ్ములనే అడుగుతరు.

పన్ను ఆఫీసు ఏమడుగుతది

ఇది మా అకౌంటెంట్ పని, మాకెందుకు అంటరేమో. ఆయన లెక్క మీ రాతల నుంచే పుడతది, అందుకే చెప్తున్న.

2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. సరుకు కొన్నప్పుడు మనం కట్టిన పన్నును, అమ్మినప్పుడు వసూలు చేసి సర్కారుకు కట్టే పన్నులకెళ్లి తగ్గించుకుంటం. దాన్ని ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటరు. అయితే జీఎస్టీ చట్టం 17వ సెక్షన్, 5వ సబ్ సెక్షన్, హెచ్ క్లాజుల ఒక మాట ఉన్నది. పోయిన, దొంగిలించిన, నాశనమైన, లెక్కల నుంచి కొట్టేసిన, బహుమతిగ గాని ఉచిత శాంపిల్‌గ గాని ఇచ్చిన సరుకుకు ఆ క్రెడిట్ దొరకదు. తీసుకొని ఉంటే వాపస్ చేయాలె. మన కట్టర్ తగిలిన నూనె ప్యాకెట్ గుర్తున్నది కద? 140 మీద 5 శాతం, ఏడు రూపాయలు. ఆ ఏడు రూపాయలు వాపస్ చేయాలె. రుచికి ఇప్పిన కారప్పూసది సుత అంతే.

ఏడు రూపాయలకు ఇంత కథనా అనొద్దు. జీఎస్టీ రూల్స్‌ల 56వ రూల్ స్టాకు లెక్క ఎట్ల ఉండాలెనో చెప్తది. మొదటి నిల్వ, వచ్చింది, అమ్మింది, పోయింది, దొంగిలించింది, నాశనమైంది, కొట్టేసింది, బహుమతి, ఉచిత శాంపిల్, చివరి నిల్వ, ఇవన్నీ వేరువేరుగ చూపాలె. మన డ్యామేజ్ బుక్కు, శాంపిల్ బుక్కు ఈ రూల్ అడిగిన గడులను నింపుతయి. లెక్కల చూపని సరుకు ఉంటే, 35వ సెక్షన్ ప్రకారం ఆఫీసర్ దాన్ని అమ్మినట్టే లెక్కగట్టి పన్ను అడగొచ్చు. అంటే మీరు ఊడ్చి పడేసిన సీసాను మనం బిల్లు లేకుండ అమ్ముకున్నమని అనొచ్చు. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకంతోని కంపోజిషన్ పద్ధతి తీసుకున్న చిన్న దుకాణాలకు ఈ 56వ రూల్ స్టాకు లెక్క నుంచి మినహాయింపున్నది, వాళ్లు క్రెడిట్ సుత తీసుకోరు. మన షాపు ఆ పద్ధతిల లేదు.

బుక్కు నిండంగనే పారేయొద్దు. ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు ఉంచాలె. 2025-26 బుక్కులకు వార్షిక రిటర్న్ గడువు 2026 డిసెంబర్ 31 అయితే, 2032 డిసెంబర్ ఆఖరు దాక అవి మన అలమారుల ఉండాలె.

మీ జీతం మాట

మీ మనసుల ఉన్న భయం నాకెరుక. రాస్తే జీతంల కోస్తరు, రాయకపోతే ఎవ్వరికి తెల్వదు, ఇదే కద?

సామాను పోయిందని జీతం కోసేటందుకు చట్టంల హద్దున్నది. ముందు 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంల ఉండె, ఇప్పుడు 2019 వేతనాల కోడ్‌ల సుత ఉన్నది. ఆ సరుకు ప్రత్యేకంగ మీకు అప్పగించి ఉండాలె, పోయింది నేరుగ మీ నిర్లక్ష్యం వల్లనో తప్పు వల్లనో అయి ఉండాలె. కోసేముందు మీ జవాబు చెప్పుకునే అవకాశం మీకియ్యాలె. ఆ జవాబు మీరు దేన్ని చూపి చెప్తరు? “మే నెల 14, మధ్యాహ్నం 3 గంటలు, అడుగు కార్టన్ నలిగింది, డ్రైవర్ సంతకం ఉన్నది” అన్న ఎంట్రీని చూపి చెప్తరు. ఎంట్రీ లేకపోతే మీ నోటిమాట మీద సారు నోటిమాట, అంతే.

అందుకే మన షాపుల ఒక పద్ధతి పెట్టుకున్నం. అదే పూట రాసిన పగులుకు ఎవ్వరి జీతం కోయం. దాచి దొరికినదానికి మాత్రం జవాబు అడుగుతం. ఈ మాట మీద నేను నిలబడకపోతే రేపటి నుంచి బుక్కుల ఎవ్వరు నిజం రాయరు, ఆ బుక్కు ఉన్నా లేకున్నా ఒకటే. మీరు పోయే ఏ షాపులైనా చేరిన రోజే అడుగుండ్రి, పగిలింది రాస్తే ఏం చేస్తరని.

అబద్ధపు రాత ఎట్ల తెలుస్తది

బుక్కు ఉన్నంత మాత్రాన నిజమున్నట్టు కాదు. సరుకు ఇంటికి తీసుకపోయి “పగిలింది” అని రాసేటోళ్లు ఉంటరు. అందుకే గుర్తు లేకుండ ఎంట్రీ లేదు, రెండో సంతకం లేకుండ ఎంట్రీ లేదు, రాసిన మనిషే పడేయొద్దు.

నేను బుక్కు చూసినప్పుడు కొన్ని చూస్త. ఎంట్రీలన్నీ ఒకే పెన్నుతోని, ఒకే తీరు రాతతోని ఉంటే అవి శనివారం కూసొని యాది చేసుకొని రాసినయి. అంకెలన్నీ ఐదు, పది ఉంటే లెక్కపెట్టలేదు, అందాజ కొట్టిండ్రు. పగిలినయన్నీ ఖరీదైనయే, చౌకవి ఒక్కటి లేకపోతే అక్కడ అడగాల్సిన మాటున్నది, ఎందుకంటే కింద పడేటప్పుడు సీసాకు తన ధర ఎరుకుండది. ఇంక గాజు సీసాల షెల్ఫు మీద నెలంత ఒక్క పగులు సుత లేదని కనబడితే నేను సంబరపడను. ఆ షెల్ఫు వాళ్లు రాసేటందుకు భయపడుతుండ్రనుకుంట. కొత్తగ మంచిగ రాసుడు మొదలుపెట్టిన నెల డ్యామేజ్ అంకె పెరుగుతది. అది పెరుగుడు కాదు, కనబడుడు. అదే నెల కారణం తెల్వని తక్కువ ఎంత తగ్గిందో పక్కకు పెట్టి చూడుండ్రి. ఆ రెండో అంకె తగ్గుతుంటే మీ బుక్కు పని చేస్తున్నట్టే.

ఈ వారం చేయవలసిన పని

1. మీ షెల్ఫులోని పది రకాల సరుకు ఎంచుకోండి. కంప్యూటర్ చెప్పిన అంకె, మీరు లెక్కపెట్టిన అంకె పక్కపక్కన రాయండి.
2. తక్కువ వచ్చిన ప్రతిదానికి డ్యామేజ్ బుక్కులో, శాంపిల్ బుక్కులో జవాబు వెతకండి. దొరకకపోతే అదే సైజు, అదే కంపెనీ పక్క రకాన్ని లెక్కపెట్టండి.
3. స్టాకు ఉన్నట్టు చూపిస్తూ నెల రోజులుగా అమ్మకం లేని సరుకుల జాబితా అడిగి తీసుకోండి. ప్రతిదాన్ని షెల్ఫులో కళ్లతో చూడండి.
4. వచ్చే లారీ దించేటప్పుడు అడుగు వరుస కార్టన్లు చూడకుండా సంతకం పెట్టకండి.
5. “పగిలింది”, “పాడైంది” అని మాత్రమే ఉన్న పాత ఎంట్రీలు చదవండి. వాటికి కారణం ఎవరికైనా గుర్తుందేమో అడగండి. గుర్తులేదనే జవాబు ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టుకొని, మీ ఎంట్రీలో కారణం లేకుండా పుస్తకం మూయకండి.